తొమ్మిదో రికార్డింగు

ఫోన్‌లోంచి కంప్యూటర్‌లోకి ఫైళ్ళు ఎక్కించడం కూడా ఒక పనేనా అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండేది. నా ఉద్యోగంలో సగం అదే మరి. సింగపూర్‌లో ఒక విశ్వవిద్యాలయంలో పరిశోధన సహాయకురాలిని నేను. రెండు మూడు తరాల కిందట ఇక్కడికొచ్చి పాతుకుపోయిన తెలుగు కుటుంబాలను వెతికి పట్టుకుని, వాళ్ళ ఇళ్ళలో మిగిలిన తెలుగును రికార్డు చేసి, తర్వాత ఒక్కో మాటా విని రాసిపెడతాను. ఎవరి నోట ఏ మాట ఎలా పలికిందో అలాగే రాయాలి, సరిదిద్దకూడదు. అందులో నేను గట్టిదాన్నని పేరు.

మనుషుల గొంతులు కాబట్టి మా ప్రాజెక్టుకు నియమాలున్నాయి. రికార్డింగు ఇంటర్నెట్ మొహం చూడకూడదు. మనిషి మాట్లాడటం మొదలుపెట్టకముందే ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టాలి. అంతా అయ్యాక ఆ ఇంట్లోనే కేబుల్ తగిలించి, పాస్‌వర్డ్ తాళం ఉన్న ల్యాప్‌టాప్‌లోకి ఫైళ్ళు కాపీ చేసి, ఫోన్‌లోంచి చెరిపేసి, చెరిపేసినవి ముప్పై రోజులు దాచిపెట్టే ట్రాష్‌ను కూడా ఖాళీ చేసి, అప్పుడు గడప దాటాలి. దారిలో ఫోన్ పోయినా ఎవరి మాటా ఎవరి చేతికీ చిక్కకూడదని.

ఈ పనిలో నాకు పొగరు కూడా ఉండేది. క్లెమెంటిలో మేం ముగ్గురం ఒక ఫ్లాట్‌లో గదులు తీసుకుని ఉంటాం. మిగతా ఇద్దరిలో ఎవరి ఫోన్ ల్యాప్‌టాప్‌లో కనబడకపోయినా నా తలుపే కొట్టేవాళ్ళు. "ఆ కేబుల్ ఛార్జింగుకే పనికొస్తుందమ్మా, డేటా వెళ్ళే కేబుల్ తెచ్చుకో," అనేదాన్ని. "తెర పైనుంచి కిందికి లాగి, ఫైల్ ట్రాన్స్‌ఫర్ నొక్కావా?" అనేదాన్ని. లైబ్రరీ వైఫైలో ఫోనూ ల్యాప్‌టాప్ ఒకదాన్నొకటి చూడలేకపోతే, ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి ల్యాప్‌టాప్‌ను దానికి కలిపి, నెట్ చుక్క లేకుండా ఫైళ్ళు పంపించి చూపించేదాన్ని. వాళ్ళు నోరెళ్ళబెడుతుంటే నాకు భలే హాయిగా ఉండేది.

హౌగాంగ్ పేటలో ఉండే అంకుల్ పరిచయమయ్యేసరికి నేను ఆ పొగరులోనే ఉన్నాను. డెబ్బై దాటిన మనిషి. పుట్టింది మలేషియా తోటల్లో, పెళ్ళయ్యాక ఇక్కడికొచ్చి రేవులో క్రేన్ నడిపి రిటైరయ్యారు. ఆయన తాతలది ఉత్తరాంధ్ర. ఆంటీ తమిళామె, పిల్లలకు ఇంగ్లీషు, మనవలకు ఇంగ్లీషుతోపాటు అడుగడుగునా ఇక్కడి ఊతపదం 'లా'. ఇంట్లో తెలుగు మాట్లాడే తోడు లేక, ఆ తెలుగు ఆయన నోట్లో యాభై ఏళ్ళ కిందట ఎలా ఉందో అలాగే ఉండిపోయింది. మా పనికి అంతకన్నా ఏం కావాలి? మొదటిరోజు ఆయన "ఏటమ్మా, నా మాటలకి ఇన్ని యంత్రాలా?" అని అడిగినప్పుడే నాకు లోలోపల గంతెయ్యాలనిపించింది.

మా పద్ధతి ప్రకారం ఒక్కో మనిషి దగ్గర ఎనిమిది ముక్కలు రికార్డు చేస్తాం. వంటింటి వస్తువుల పేర్లు, చుట్టరికాలు, ఒక బొమ్మ చూసి కథ చెప్పడం, చిన్నప్పటి సంగతులు, ఇలా. చుట్టరికాల దగ్గర ఆయన అక్కను 'అప్ప' అన్నారు. నేను సంబరపడి, "మీకు అప్ప ఉన్నారా అంకుల్?" అని అడిగాను. మాకు ప్రశ్నలు పొడిగించడం అలవాటు.

"ఉంది. యూ టీలో," అన్నారాయన. సింగపూర్‌లోనే అటు చివరి పేట అది.

"అయితే ఆవిడతో తెలుగులోనే మాట్లాడతారా?"

"మాట్టాడీవోళ్ళం," అని ఊరుకున్నారు.

ఎనిమిదో ముక్క అయ్యేసరికి పన్నెండు కావస్తోంది. ఫోన్‌లో ఛార్జింగు తక్కువగా ఉంది. కేబుల్ తగిలించి, ఫైల్ ట్రాన్స్‌ఫర్ నొక్కి, ల్యాప్‌టాప్‌లో ఆ ఫోల్డర్ తెరిచాను. ఎనిమిది ఫైళ్ళూ వరసగా కనబడ్డాయి. నాణ్యత తగ్గకూడదని కుదించకుండా రికార్డు చేస్తాం కాబట్టి ఒక్కోటీ బరువుగానే ఉంటుంది. కాపీ మొదలుపెట్టి, ఆంటీ ఇచ్చిన కాఫీ తాగుతూ కూర్చున్నాను.

అప్పుడు అంకుల్ ఉన్నట్టుండి, "అది ఇంకా వింటందా?" అని అడిగారు.

"లేదంకుల్, ఆపేశాను."

"మళ్ళీ ఎట్టు. ఒకటి సెప్పాల," అన్నారు.

ఫోన్ కేబుల్‌కు ఉండగానే రికార్డు నొక్కాను. ఆయన నా వైపు చూడకుండా, బల్లమీద ఉన్న ఫోన్‌నే చూస్తూ, అప్పతో మాట్లాడటం మొదలుపెట్టారు.

సంగతి ఇది. పద్నాలుగేళ్ళ కిందట ఆయన మేనకోడలు, అంటే అప్ప కూతురు, ఒక చైనా అబ్బాయిని చేసుకుంది. ఫ్లాట్ల కింద ఖాళీ జాగాలో బల్లలు వేసి విందు పెట్టారు. మేనమామ కదా, అంకుల్‌ను ముందు వరసలో కూర్చోబెట్టి అప్ప తన చేత్తో వడ్డించింది. ఆయన ఆకు మీద చెయ్యి పెట్టకుండా లేచి వెళ్ళిపోయారు. నలుగురూ చూశారు. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఆ తర్వాత ఆ మేనకోడలి మొగుడే, ఆ చైనా అబ్బాయే, అంకుల్‌కు గుండె ఆపరేషన్ అయినప్పుడు ఎవరికీ చెప్పకుండా ఆసుపత్రికి వచ్చి మూడు రోజులు పక్కన కూర్చున్నాడట. అది కూడా అప్పకు చెప్పలేదని, ఆ ఆకు ముందు నుంచి ఎందుకు లేచాడో తనకే ఇప్పటికీ తెలీదని, ఇలా పదకొండు నిమిషాలు చెప్పారు. మధ్యలో ఒకచోట నవ్వారు. ఇంకోచోట చాలాసేపు ఏమీ అనలేదు. వంటింట్లో ఆంటీ గరిట చప్పుడు కూడా ఆగిపోయింది. ఆమెకు ఆ భాష రాదు, కానీ ఏదో జరుగుతోందని తెలిసినట్టుంది. నాకు కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు.

అయిపోయాక ఆయన తన ఫోన్ తీసి నా ముందు పెట్టారు. "ఇందులోకి పంపీ అమ్మా. నానే యూ టీ ఎల్లి దానికి ఇనిపిస్తాను. నోటితో సెప్పలేను, ఇనిపించగలను. మా మనవడు పక్కన కూకుని పంపుతుంటాడు, నెట్ కూడా అక్కర్లేదంటాడు."

నియర్‌బై షేర్ అంటున్నారని నాకు వెంటనే అర్థమైంది. రెండు ఫోన్లలోనూ బ్లూటూత్, వైఫై తెరిస్తే చాలు, పక్కపక్కనే ఉన్న ఫోన్లు నేరుగా మాట్లాడుకుంటాయి. ఒక నిమిషం పని. నేను ఏమన్నానో నాకు బాగా గుర్తుంది, దురదృష్టం. "అలా కుదరదంకుల్. రూల్స్ ఉన్నాయి. ముందు ల్యాబ్‌కు తీసుకెళ్ళి, పైవాళ్ళ అనుమతి తీసుకుని, మీ ముక్క ఒక్కటీ విడిగా చేసి తెచ్చిస్తాను. వచ్చే వారమే," అన్నాను.

"ఇప్పుడైతే ఇప్పుడే ఎల్లిపోదును," అన్నారు ఆయన. చొక్కా కూడా మార్చుకుని ఉన్నారు ఆ రోజు. నాకోసమేమో అనుకున్నాను.

"వారమే కదా అంకుల్," అన్నాను.

ఆంటీ భోజనానికి పిలిచింది. తినే ముందే పని ముగించుకుందామని ల్యాప్‌టాప్ వైపు తిరిగాను. కాపీ పూర్తయిపోయి ఉంది. రెండు వైపులా లెక్క చూసుకోవడం నా అలవాటు, దాన్నే అందరికీ నేర్పేదాన్ని. ఫోన్ ఫోల్డర్‌లో ఎనిమిది, ల్యాప్‌టాప్‌లో ఎనిమిది. సరిపోయింది. ఎన్నో ఇళ్ళు తిరిగి ఎనిమిది అంటే పూర్తయిందని నా బుర్రలో పడిపోయింది. కేబుల్ తీసేసి, ఫోన్‌లో రికార్డింగుల యాప్ తెరిచి, అన్నీ ఎంచుకుని డిలీట్ కొట్టాను. ట్రాష్ కూడా ఖాళీ చేశాను. అప్పుడు తెర పైన తొమ్మిది అనే అంకె కనబడే ఉంటుంది. నేను చూడలేదు. వేలు దాని పని అది చేసుకుపోయింది. నేను ఆంటీతో రసం బాగుందా లేదా అని మాట్లాడుతున్నాను.

మర్నాడు ల్యాబ్‌లో కూర్చుని మిగతావన్నీ పక్కన పెట్టి ముందు ఆ ముక్కే వెతికాను. లేదు. ఎనిమిదే ఉన్నాయి. ఫోన్ తీశాను, ఖాళీ. ట్రాష్ ఖాళీ.

మా ల్యాబ్‌లో కంప్యూటర్లు చూసే ఆయన నెమ్మదస్తుడు. చెప్పిందంతా విని, "నువ్వు చూసింది ఫోన్‌లో ఉన్నది కాదు, కేబుల్ పెట్టినప్పుడు ఫోన్ ఇచ్చిన జాబితా," అన్నాడు. కేబుల్‌తో కలిపినప్పుడు ఫోన్ ఒక పెన్‌డ్రైవ్‌లా మొత్తం తెరిచి చూపించదట. తన దగ్గర ఏమేం నమోదై ఉన్నాయో ఆ పట్టీ అందిస్తుంది. ఆ తర్వాత తయారైన ఫైలు ఒక్కోసారి ఆ పట్టీలోకి ఎక్కదు, ఎక్కినా తెరిచి ఉన్న కిటికీ పాతదే చూపిస్తూ ఉంటుంది. కేబుల్ ఒకసారి తీసి పెడితే చాలావరకు కనబడుతుంది. నేను రెండు వైపులా లెక్క చూశానని గర్వపడ్డాను కదా, ఆ రెండు లెక్కలూ ఒకే పాత పట్టీలోంచి వచ్చినవే. ఇది నాకు తెలియని సంగతేమీ కాదు. రూమ్మేట్లకు కొత్త ఫొటోలు కనబడకపోతే "కేబుల్ తీసి మళ్ళీ పెట్టు" అని చెప్పింది నేనే.

"చెరిపేసింది తిరిగొస్తుందా?" అని అడిగాను.

ఈ కాలపు ఫోన్లలో అన్నీ తాళం వేసి దాస్తారని, చెరిపాక ఆ తాళం చెవి కూడా పోయినట్టేనని చెప్పాడు. అయినా వినకుండా ఫోన్లు బాగుచేసే దుకాణాలు మూడు తిరిగాను. ముగ్గురూ అదే మాట.

ఆ వారం ఇంకొకటి చేశాను, చెయ్యకపోయినా బాగుండేది. నియమాల కాగితాలు మొదటి నుంచి చివరిదాకా చదివాను. అయిదో పేజీలో ఉంది: మాట్లాడిన మనిషి తన గొంతు తనకు కావాలంటే, అక్కడికక్కడే, నెట్ లేకుండా, అతని పరికరంలోకి ఇవ్వవచ్చు. మూడేళ్ళుగా ఆ కాగితాల మీద అందరి చేతా సంతకాలు పెట్టించుకుంటున్నాను. నాకు నియమాలు తెలుసని అనుకున్నాను గానీ తెలిసింది వద్దనడం ఒక్కటే. ఆ రోజు కాగితం పక్కకు పెట్టేసి చాలాసేపు ఏడ్చాను.

అంకుల్‌కు వెంటనే చెప్పానా అంటే లేదు. వారం తర్వాత ఆయన ఫోన్ చేస్తే "ఇంకా అనుమతి రాలేదంకుల్" అన్నాను. ఇంకో వారానికి "పెద్దాయన ఊళ్ళో లేరు" అన్నాను. మూడోసారి ఆయనే, "ఏటమ్మా, పోయిందా?" అని అడిగారు. క్రేన్ చప్పుడులో తేడా పట్టే మనిషి, గొంతులో తేడా ఇట్టే పట్టేశారు. అప్పుడు హౌగాంగ్ వెళ్ళాను. జరిగిందంతా చెప్పాను, అయిదో పేజీ సంగతితో సహా. తిడతారని ఎదురు చూశాను. తిట్టి ఉంటే బాగుండేది.

"మళ్ళీ రికార్డు చేద్దాం అంకుల్. ఈసారి నేరుగా మీ ఫోన్‌లోనే," అన్నాను.

ఆయన ఒప్పుకున్నారు. బల్లమీద ఫోన్ పెట్టి, గొంతు సవరించుకుని, "అప్పా, ఒంట్లో బాగుందా," అన్నారు. తర్వాత అరచేత్తో బల్ల తుడిచారు. ఇంకోసారి మొదలుపెట్టారు. "అప్పా..." అని ఆగి, తనే వేలు పెట్టి ఆపేశారు.

"రాదమ్మా. ఆ పొద్దు వచ్చింది. ఇప్పుడు నా మాట నాకే ఇనబడతంది," అన్నారు. ఫోన్ జేబులో పెట్టుకుని, "నువ్వు ఇన్నావు కదా. నువ్వే ఎల్లి సెప్పు," అన్నారు.

తప్పు దిద్దుకునే దారి దొరికిందని ఆశపడ్డాను. ఆ ఆదివారమే యూ టీ వెళ్ళాను. అప్ప ఆంటీకి ఎనభై దగ్గర పడుతున్నాయి. చిన్నగా, చురుగ్గా ఉన్నారు. కూతురూ అల్లుడూ పక్క బ్లాకులోనే ఉంటారట. నేను ఎవరినో, ఎందుకొచ్చానో చెప్పగానే టీవీ కట్టేసి, కుర్చీ నా ఎదురుగా లాక్కుని కూర్చున్నారు.

నేను చెప్పాను. పెళ్ళి, విందు, లేచి వెళ్ళిపోవడం. అలా చేసినందుకు ఆయన ఎంతో పశ్చాత్తాపపడుతున్నారని చెప్పాను. అల్లుడుగారు ఆసుపత్రిలో చేసిన సేవ ఎప్పటికీ మరచిపోలేనన్నారని చెప్పాను. ఆవిడ చెవులు రిక్కించి విన్నారు. మొహంలో ఏమీ కదల్లేదు.

"అయిందా?" అన్నారు.

"అయిందాంటీ."

"పశ్చాత్తాపం అన్నాడా మా తమ్ముడు? ఆ మాట ఆడికి తెల్దు. నాకూ ఇప్పుడే తెలిసింది." ఆవిడ కోపంగా అనలేదు. "ఆకు దగ్గర్నుంచి లెగిసిపోయినందుకు ఆడేటన్నాడు? ఆడన్న మాట సెప్పు."

ఆయన నవ్విన చోటు గుర్తుంది. ఆగిన చోటు గుర్తుంది. ఆకు గురించి అన్న మాట చిన్నది, మూడు నాలుగు పదాలు, విన్నప్పుడు నాకు కళ్ళు చెమర్చింది దానికే. ఆ మాట ఏదో నాకు గుర్తు లేదు. ఎవరు ఏ మాట ఎలా అన్నారో అలాగే రాయడానికి జీతం తీసుకునే మనిషిని, అర్థం మిగుల్చుకుని మాటను పారేశాను. యంత్రం వింటోంది కదా అని నేను వినడం మానేసినట్టున్నాను.

"గుర్తు లేదాంటీ," అన్నాను.

ఆవిడ లేచి నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చారు. "అమ్మాయీ, ఒక పని సెయ్యి. నాకు సెప్పలేదని ఆడితో సెప్పు. ఇంట్లో నాను లేనను, తలుపు తియ్యలేదను, ఏదో ఒకటి. నాకు అందిందని తెలిస్తే, పనైపోయిందని ఆడింక రాడు. అందలేదంటే ఎప్పుడో ఒకప్పుడు ఆడే వొస్తాడు. ఆడి సంగతి నాకు తెల్దా?"

నాకు ఆ ఆలోచన ఎంత నచ్చిందో చెప్పలేను. రైల్లో కూర్చున్నంతసేపూ అదే అనుకున్నాను. ఒక్క అబద్ధంతో నా తప్పు ఒప్పుగా మారబోతోందని, ఆయన చొక్కా మార్చుకుని యూ టీ బయల్దేరతారని ఊహించుకున్నాను. అటునుంచి అటే హౌగాంగ్ వెళ్ళాను.

తలుపు అంకులే తీశారు. లోపలికి రమ్మనకుండా అక్కడే నిలబడి నా మొహం చూశారు.

"అప్ప ఆంటీ ఇంట్లో లేరంకుల్. చెప్పలేకపోయాను," అన్నాను.

ఆయన భుజాలు దిగాయి. ఊపిరి వదిలారు. బాధపడుతున్నారనుకున్నాను. కాదు. ఆ మొహం నేను ఇంతకు ముందు చూశాను, రికార్డింగు వాయిదా పడిందని చెప్పినప్పుడు పెద్దవాళ్ళు తేలికపడి పెట్టే మొహం అది.

"పోన్లేమ్మా. మంచిదే అయింది," అన్నారు. "అప్పుడు అది సెరిగిపోడం కూడా మంచిదేనేమో. ఇంత వొయసొచ్చి ఇప్పుడు ఎందుకు ఇయ్యన్నీ. నువ్వింక దాని దగ్గరికి ఎల్లకు. సుదా, అయిపోయింది." మలయ్‌లోనూ తెలుగులోనూ రెండుసార్లు ముగించేశారు.

నిజం చెప్పేద్దామా అనుకున్నాను. చెబితే అప్ప అన్నట్టు ఇక వెళ్ళరు. చెప్పకపోయినా వెళ్ళరని ఎదురుగా కనబడుతోంది. ఆ ఒక్క పూట ఆయనకు ధైర్యం వచ్చింది. అది మాటల్లోకి దిగింది. అది చల్లారేలోపే చేతిలో పెట్టి పంపాల్సింది. నేను వారం ఆగమన్నాను. ఇదంతా జరిగి నాలుగు నెలలైంది. ఆవిడ ఇంకా తమ్ముడు వస్తాడనే ఎదురుచూస్తున్నారు. మొన్న ఫోన్ చేసి, "ఆడు నీతో ఏటైనా అన్నాడా?" అని అడిగారు. ఇంకా ఏమీ అనలేదని చెప్పాను.

ఆ రోజు గుమ్మంలో అంకుల్ నా భుజం తట్టారు. "నాకోసం ఇంత తిరిగావు," అన్నారు. తర్వాత తలుపు వేయబోతూ ఆగి, నిజంగా మనసులోంచి, "థ్యాంక్స్ అమ్మా," అన్నారు.